బండి ఆగిపోయాక ఏం చేయాలో చూపించే అర నిమిషం

కారు నేర్చుకోవాలనుకుంటూ వాయిదా వేస్తున్నవాళ్లను ‘మీకు దేనికండీ భయం?’ అని అడిగితే ముందు యాక్సిడెంటు పేరే చెబుతారు. కాస్త మాట్లాడనిస్తే అసలు సంగతి బయటికొస్తుంది. విశాఖపట్నం మద్దిలపాలెం జంక్షన్‌లో రెడ్ సిగ్నల్ పడింది. పచ్చలైటు వచ్చింది. క్లచ్ వదిలేసరికి బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక ఆటో, దాని వెనక సిటీ బస్సు, ఒకటే హారన్ మోత. పక్క బైకు మీదున్నవాళ్లు తొంగి చూస్తున్నారు. ఆ క్షణం ఎలా ఉంటుందో ఊహించుకునే చాలామంది ఏళ్ల తరబడి స్కూలు గుమ్మం తొక్కరు. దెబ్బ తగులుతుందన్న భయం ఒక ఎత్తయితే, నలుగురిలో తలవంపులవుతుందన్న భయం అంతకు మించిన ఎత్తు.

ఇప్పుడు డ్రైవింగ్ స్కూళ్లు పెడుతున్న రీల్స్ చూడండి. స్కూలు బోర్డు, వరసగా నిలబెట్టిన కార్లు, ఊపున్న సినిమా పాట, ‘భయం వద్దు, మేమున్నాం’ అని పెద్ద అక్షరాలు, చివర ఫోన్ నంబరు. భయపడేవాళ్లకు భయం వద్దని చెబితే భయం పోదు. వాళ్లు తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: నేను భయపడుతున్నది నిజంగానే జరిగితే, ఆ తర్వాత ఏమవుతుంది? దీనికి జవాబును కళ్లతో చూపించే రీల్ ఇరవై అయిదు ముప్పై సెకన్లున్నా చాలు. బండి ఆగిపోవాలి, హారన్ వినపడాలి, నేర్చుకునేవాళ్ల చేతులు బిగుసుకోవాలి, ఆ తర్వాత ప్రశాంతంగా బండి కదలాలి. భయపడే ఘట్టాన్ని దాచేసిన రీల్ ఆ భయాన్ని తీర్చలేదు.

ఎంవీపీ కాలనీలో రెండు కార్లు, ముగ్గురు మాస్టార్లతో నడిచే ఒక చిన్న స్కూలు ఉందనుకుందాం. వాళ్లు మొదటి రీల్ తీయబోతున్నారు. విషయం ఇదే: సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే?

కెమెరా పట్టుకునే ముందు ఆ స్కూలు చేతిలో ఏముందో చూసుకోవాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం లైసెన్సున్న స్కూలు శిక్షణకు వాడే కారుకు డ్యూయల్ కంట్రోల్ ఉండి తీరాలి. అంటే మాస్టారి కాళ్ల దగ్గర కూడా పెడల్స్ ఉంటాయి. మన దగ్గర ఎక్కువ కార్లలో అవి క్లచ్, బ్రేక్. నేర్చుకునేవాళ్లు తడబడినా మాస్టారు తన కాలితో బండి ఆపగలరు. స్కూలు వాళ్లకు ఇది రోజూ చూసే ఇనుప ముక్క కాబట్టి ఇందులో చెప్పడానికేముంది అనుకుంటారు. బయటివాళ్లలో చాలామందికి అలాంటిదొకటి ఉంటుందనే తెలియదు. భయాన్ని తగ్గించడంలో స్కూలు దగ్గరున్న వాటన్నిటిలో బలమైనది ఆ రెండు పెడల్సే. అవి రీల్‌లో కనపడాలి.

షూటింగ్ మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర చేయకూడదు. నిజమైన ట్రాఫిక్‌లో కావాలని బండి ఆపడం ప్రమాదం, వెనకవాళ్లకు అన్యాయం కూడా. కాలనీ లోపల వెడల్పాటి రోడ్డు, పొద్దున్నే రద్దీ మొదలుకాకముందు ఏడింటి వేళ, వెనక స్కూలుదే రెండో కారు. హారన్ కొట్టేది ఆ రెండో కారు మాస్టారే. డ్రైవింగ్ సీట్లో మొదటి రోజు వచ్చినవాళ్లను కూర్చోబెట్టొద్దు. ఏడెనిమిది క్లాసులైనవాళ్లు, ముందే విషయం చెప్పి ఒప్పించినవాళ్లు అయితే మేలు. మొహం చూపించడం ఇష్టం లేదంటే చేతులు, భుజాలు చాలు. నిజానికి అలా తీసినదే బాగుంటుంది. చూసేవాళ్లు ఆ చేతుల స్థానంలో తమ చేతుల్ని పెట్టుకుంటారు.

ఫోన్ పట్టుకునేది మూడో మనిషి, వెనక సీటు మధ్యలో, బెల్టు పెట్టుకుని. నడిపేవాళ్లూ మాస్టారూ ఫోన్ ముట్టుకోకూడదు. అక్కణ్నుంచి స్టీరింగ్, గేర్ రాడ్, అద్దంలోంచి రోడ్డు అన్నీ ఒకే ఫ్రేములో వస్తాయి. ఇక్కడ అందరికీ ఎదురయ్యే చిక్కొకటుంది. బయట వెలుతురు ఎక్కువ కాబట్టి ఫోన్ దాన్ని చూసి సర్దుకుంటుంది, కారు లోపలంతా చీకటైపోతుంది. తెర మీద డ్యాష్‌బోర్డు ఉన్నచోట వేలు నొక్కిపట్టి వెలుతురును అక్కడే లాక్ చేస్తే, బయటి రోడ్డు కాస్త తెల్లబడినా లోపల చేతులు స్పష్టంగా కనపడతాయి. మాస్టారి చొక్కాకు చిన్న కాలర్ మైకు పెట్టాలి. ఆయన గొంతే ఈ రీల్‌కు ప్రాణం.

పెడల్స్ దృశ్యం విడిగా తీయాలి. బండి ఆపి, ఇంజిన్ ఆఫ్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేశాకే. నడుస్తున్న కారులో కాళ్ల దగ్గర ఫోన్ పెట్టి తీసేవాళ్లున్నారు. ఫోన్ జారి బ్రేక్ పెడల్ కిందికి వెళ్తే బ్రేక్ పూర్తిగా దిగదు. ఒక్క షాట్ కోసం అంత ముప్పు తెచ్చుకోవడం తప్పు. ఆపిన బండిలో కాళ్ల దగ్గర చీకటిగా ఉంటుంది కాబట్టి ఒక చిన్న ఎల్ఈడీ లైటు సీటు కిందనుంచి వేస్తే సరిపోతుంది.  మాస్టారు తన వైపు బ్రేక్ నొక్కితే నేర్చుకునేవాళ్ల కాలి కింద పెడల్ దిగుతుంది. రెండు కాళ్లకూ సంబంధం ఉందని చూడగానే అర్థమవుతుంది. వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు రీల్ ఎలా నడుస్తుందో చూద్దాం. మొదటి దృశ్యంలో లోగో లేదు, నమస్కారం లేదు. ఇంజిన్ ఆగిన క్షణంతోనే మొదలు. డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ, ఆయిల్ గుర్తులు ఎర్రగా వెలిగాయి, వెనకనుంచి హారన్. తెర మీద ఒకే లైను: ‘సిగ్నల్ దగ్గర బండి ఆగిపోయింది. ఇప్పుడు?’ ఇదంతా రెండు మూడు సెకన్లు. రీల్స్ చూసేవాళ్లు ఉండాలా పోవాలా అన్నది తేల్చుకునేది ఆ లోపే.

తర్వాత మాస్టారి గొంతు వినిపిస్తుంది. ‘ఏం పర్లేదమ్మా, హారన్ కొట్టనీ. ముందు బ్రేక్ నొక్కిపట్టు.’ అక్కడొక చిన్న విరామం. ‘క్లచ్ పూర్తిగా నొక్కు. గేర్ న్యూట్రల్‌కి తే. ఇప్పుడు తాళం తిప్పు.’ ఇంజిన్ మళ్లీ మోగింది, ఎర్ర గుర్తులు ఆరిపోయాయి. ‘ఫస్ట్ గేర్. క్లచ్ మెల్లగా వదులు. బండి కొంచెం వణుకుతోందా? అదే హాఫ్ క్లచ్. అక్కడే కాలు ఆపు. ఇప్పుడు బ్రేక్ వదిలి కొంచెం యాక్సిలరేటర్.’ బండి కదిలింది. ఆగినప్పట్నుంచి కదిలేదాకా పట్టింది పదిహేను సెకన్ల లోపే. ఈ ముక్కను కత్తిరించకూడదు, వేగం పెంచకూడదు. ఆగిన బండి మళ్లీ కదలడానికి అంత తక్కువ సమయం చాలని చూపించడమే రీల్ చేసే అసలు పని. ఊహలో ఆ క్షణం అయిదు నిమిషాలంత పొడుగ్గా ఉంటుంది. కళ్లతో చూస్తే అది గుక్కెడు ఊపిరి.

అప్పుడు పెడల్స్ దృశ్యం వస్తుంది, నాలుగు సెకన్లు. ‘మీరు మర్చిపోయినా బ్రేక్ నా దగ్గర కూడా ఉంది’ అంటారు మాస్టారు. చివరగా తెర మీద అక్షరాలు: ‘మీ భయం కూడా ఇదేనా? AAGINDI అని వాట్సాప్ చేయండి.’ అక్కడితో ఆపేయాలి. ఫీజు, ఆఫర్లు, బ్రాంచీల చిరునామాలు ఇందులో ఇరికిస్తే చూసేవాళ్ల మనసు బండి మీంచి డబ్బు మీదికి వెళ్లిపోతుంది.

అక్షరాల విషయంలో ఒక జాగ్రత్త. చాలామంది బస్సుల్లో, ఆఫీసుల్లో శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి మాస్టారి ప్రతి మాటా తెర మీద పడాలి, ఒకసారికి నాలుగైదు పదాలకు మించకుండా. వాటిని ఫ్రేము కింది భాగంలో పెడితే అకౌంటు పేరు, క్యాప్షన్ వచ్చి కప్పేస్తాయి. కుడి అంచున లైకు, షేరు బటన్లుంటాయి. మధ్యకు కాస్త పైన పెడితే ఇబ్బందుండదు. మరొకటి తెలుగువాళ్లకే వచ్చే తిప్పలు. కొన్ని ఎడిటింగ్ యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి, ‘క్లచ్’ అన్నమాట చదవలేని ముక్కలుగా మారుతుంది. పోస్టు చేసేముందు వేరే ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసుకోవాలి.

ఈ రీల్ ఒక్కటే అన్ని భయాలకూ మందు కాదు. ఒక్కో భయానికి ఒక్కో రీల్ చేయాలి. విశాఖలాంటి కొండల ఊళ్లో రెండో స్థానం కచ్చితంగా ఎత్తురోడ్డుదే. సిరిపురం వైపు బీచ్ నుంచి పైకొచ్చేటప్పుడు బండి వెనక్కి జారుతుందేమోనని గుండె జారిపోతుంది. దానికి హ్యాండ్‌బ్రేక్‌తో బండిని ఎలా పట్టి ఉంచాలో చూపించాలి. హాఫ్ క్లచ్ దొరకగానే ఇంజిన్ శబ్దం కొంచెం బరువుగా మారుతుంది, బానెట్ ముందుభాగం ఒక్క వెంట్రుకవాసి లేస్తుంది. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించితే బండి ముందుకే పోతుంది. టైరు వెనక రోడ్డు మీద సున్నంతో ఒక గీత గీసి పక్కనుంచి తీస్తే టైరు ఆ గీత దాటి వెనక్కి రాలేదని చూసేవాళ్లకే తెలుస్తుంది. ఏ మాటా దానికి సాటి రాదు.

ఇక మాస్టారు తిడతారేమోనన్న భయం. దీని గురించి స్కూళ్లు మాట్లాడవు, కానీ ఆడవాళ్లలో, నలభై అయిదు దాటినవాళ్లలో ఇది బలంగా ఉంటుంది. పక్కన కూర్చున్న మగమనిషి స్టీరింగ్ తిప్పే నెపంతో చెయ్యి మీద చెయ్యి వేస్తాడేమోనన్న సంకోచం కూడా చాలామందికి ఉంటుంది, బయటికి చెప్పరు. లేడీ ఇన్‌స్ట్రక్టర్ ఉంటే ఆమె క్లాసు చెబుతుండగా తీసిన రీల్ పెట్టాలి. లేకపోతే, మాస్టారు స్టీరింగ్ సరిచేసేటప్పుడు చక్రం కింది అంచునే పట్టుకుంటారని, ఇంట్లోవాళ్లు ఒకరు వెనక సీట్లో కూర్చోవచ్చని సూటిగా చూపించాలి. ఇది ప్రచారం కోసం చెప్పే మాట కాకూడదు. నిజంగా ఆ స్కూలు పాటించే నియమమైతేనే చెప్పాలి.

కొన్ని రకాల రీల్స్ అసలు వద్దు. సీసీటీవీ యాక్సిడెంటు దృశ్యాలు పెట్టి ‘సరిగ్గా నేర్చుకోకపోతే ఇంతే’ అనేవి చాలా వ్యూస్ తెస్తాయి. చూసినవాళ్లు వెయ్యిమందికి పంపుతారు, తాము మాత్రం కారు ఆలోచన ఇంకో ఏడాది పక్కన పెడతారు. ‘వారంలో పర్‌ఫెక్ట్ డ్రైవింగ్’ అన్నదీ అంతే. కారు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదని, అందులో బండి నడిపేది 10 గంటలకు తగ్గకూడదని అవే నియమాలు చెబుతున్నాయి. ‘లైసెన్స్ గ్యారంటీ’ అనే మాటకైతే ఏ స్కూలుకీ హక్కు లేదు. 2021 జులై 1 నుంచి గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల్లో కోర్సు పూర్తిచేసినవాళ్లకు ఆర్టీవో దగ్గర డ్రైవింగ్ టెస్టు నుంచి మినహాయింపు ఉంది. దాన్ని పట్టుకుని మామూలు స్కూళ్లు కూడా ‘టెస్టు అక్కర్లేదు’ అని ప్రకటించుకుంటే అది మోసమే. భయపడుతున్న మనిషికి చెప్పే అబద్ధం రెండింతల కీడు చేస్తుంది. మొదటి వారంలోనే అది బయటపడుతుంది, ఆ తర్వాత మాస్టారు చెప్పే నిజం కూడా నమ్మబుద్ధి కాదు.

రీల్ పెట్టాక ఏ రీల్ వల్ల ఎంతమంది అడిగారో తెలియాలి. అందుకే చివర్లో ఆ ప్రత్యేకమైన మాట. బండి ఆగిన రీల్‌కు AAGINDI, ఎత్తురోడ్డు రీల్‌కు ETHU, ఇలా ఒక్కో రీల్‌కు ఒక్కో మాట. మన జనం వాట్సాప్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కువగా కొడతారు కాబట్టి అలాగే ఇవ్వడం మంచిది. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు, ప్రొఫైల్‌లో పెట్టినదే పనిచేస్తుంది. అక్కడ ఇలాంటి లింకు పెడితే, నొక్కగానే వాట్సాప్ తెరుచుకుని ఆ మాట టైపై సిద్ధంగా ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=AAGINDI
```

91 తర్వాత పది అంకెల నంబరు. ప్లస్ గుర్తు, ముందు సున్నా ఉండకూడదు. అవి ఉంటే లింకు పనిచేయకపోవచ్చు. ప్రొఫైల్‌లో ఒకటికి మించి లింకులు పెట్టుకోవచ్చు కాబట్టి ఒక్కోదానికి ‘బండి ఆగిపోతే’, ‘ఎత్తురోడ్డు’ అని పేరిస్తే సరి.

ఫోన్ చేయండి అని కాకుండా వాట్సాప్ చేయండి అనడానికి కారణం ఉంది. భయపడేవాళ్లు ఫోన్‌లో గొంతు విప్పడానికే జంకుతారు. రాత్రి పదకొండింటికి, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఒక్కమాట టైపు చేయడం తేలిక. అంతటి సంకోచంతో వచ్చిన మెసేజికి ‘ఫీజు 6,500, రేపే రండి’ అని జవాబిస్తే ఆ మనిషి మళ్లీ కనపడరు. మంచి జవాబు ఇలా ఉంటుంది: ‘నమస్కారమండీ. బండి ఆగిపోవడం మా దగ్గర అందరికీ జరుగుతుంది, మొదటి రెండు మూడు రోజులూ ఖాళీ గ్రౌండులోనే నేర్పిస్తాం. మీరు ఏ ఏరియాలో ఉంటారు? పొద్దున వీలా, సాయంత్రమా? ఎల్ఎల్ఆర్ తీసుకున్నారా?’ అడిగింది మూడే ప్రశ్నలు, మూడింటికీ ఒక్కో మాటతో జవాబివ్వొచ్చు. ఎల్ఎల్ఆర్ లేదంటే అది లేకుండా రోడ్డు మీద బండి నడపకూడదని, వచ్చాక ఆరు నెలలు చెల్లుతుందని, తీసుకున్న 30 రోజుల తర్వాతే లైసెన్సు టెస్టుకు వెళ్లొచ్చని చెబితే సగం అయోమయం తీరుతుంది. ఫీజు దాచకూడదు. అడిగిన వెంటనే మొత్తం ఎంతో, ఎన్ని క్లాసులో, ఒక్కో క్లాసు ఎంతసేపో చెప్పాలి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో రాత్రివేళ దానంతటదే వెళ్లే సందేశం పెట్టుకోవచ్చు, పొద్దున మాత్రం మనిషే జవాబివ్వాలి.

నెల తర్వాత మన స్కూలు లెక్క చూసుకుందనుకుందాం. మాస్టారు హుషారుగా మాట్లాడిన ఒక సరదా రీల్‌కు నలభై వేల వ్యూస్, దాని మాటతో వచ్చిన మెసేజీలు మూడు. బండి ఆగిన రీల్‌కు రెండున్నర వేల వ్యూస్, మెసేజీలు పద్దెనిమిది, చేరినవాళ్లు ఆరుగురు. యజమాని మనసు సహజంగా నలభై వేలవైపే లాగుతుంది. కానీ డ్రైవింగ్ స్కూలుకు వచ్చేవాళ్లు అయిదారు కిలోమీటర్ల లోపలివాళ్లే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఎవరో చూసి నవ్వుకుంటే ఎంవీపీ కాలనీ స్కూలుకు ఒరిగేదేమీ లేదు. వ్యూస్‌కన్నా ఇన్‌సైట్స్‌లో ఎంతమంది ఇంకొకరికి పంపారన్నది చూడాలి. ‘అక్కా, ఇది చూడు’ అని చెల్లెలు పంపిన రీల్‌కున్న విలువ వేరు. ఏ సెకను దగ్గర జనం వెళ్లిపోతున్నారో కూడా అక్కడే తెలుస్తుంది. తాళం తిప్పేలోపే వెళ్లిపోతున్నారంటే మాస్టారి మాటలు ఎక్కువయ్యాయన్నమాట. డబ్బు పెట్టి ప్రచారం చేయాలనుకుంటే ఇలా తేలిన రీల్‌నే, స్కూలు చుట్టుపక్కల ప్రాంతాన్ని మాత్రమే ఎంచుకుని, వాట్సాప్ బటన్‌తో నడపాలి. తేలని రీల్ మీద పెట్టే డబ్బు వృథా.

పద్దెనిమిది మెసేజీలకు ఆరుగురే చేరారంటే మిగతా పన్నెండుగురి సంగతేమిటని అడగాలి. ఫీజు కుదరనివాళ్లు కొందరుంటారు, టైము కుదరనివాళ్లు కొందరు. కానీ క్లాసు మొదలుపెట్టి మూడో రోజుకే మానేసినవాళ్లు ఉంటే లోపం రీల్‌ది కాదు, బండిలోనిది. రీల్‌లో ‘ఏం పర్లేదమ్మా’ అన్నది ఒక మాస్టారు, వీళ్లకు దొరికింది ‘క్లచ్ ఎందుకొదిలావ్?’ అని గద్దించే ఇంకో మాస్టారు. ఈ స్కూల్లో ముగ్గురు మాస్టార్లున్నారు కాబట్టి రీల్‌లో చెప్పిన వరస, బ్రేక్, క్లచ్, న్యూట్రల్, తాళం, ఫస్ట్ గేర్, హాఫ్ క్లచ్, ముగ్గురూ అదే మాటల్లో, అదే గొంతుతో చెప్పాలి. యజమాని ఆ రీల్‌ను ముందు తన మాస్టార్లకు చూపించి, రోజుకో క్లాసులో వెనక సీట్లో కూర్చుని వినాలి. మెసేజ్ పంపిన మనిషి ఆ గొంతును నమ్ముకునే వచ్చారు.

తర్వాత ఏ రీల్ తీయాలో కూర్చుని ఆలోచించక్కర్లేదు. వాట్సాప్‌లో వచ్చిన ప్రశ్నల్లో మళ్లీమళ్లీ కనపడేదాన్ని తీసుకుంటే చాలు. ‘నేను పొట్టి, రోడ్డు కనపడుతుందా?’ అని ముగ్గురు అడిగారంటే, సీటు ఎత్తు, ముందుకూ వెనక్కూ జరిపే పట్టీ, నడుము వెనక పెట్టుకునే దిండు చూపించే రీల్ తయారుకావాల్సిందే. క్లచ్ పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉంటే సీటు సరిగ్గా ఉన్నట్టు. అది చూపించడానికి పది సెకన్లు చాలు. మెసేజ్ పంపిన ఆ ముగ్గురికీ రీల్‌ను ముందుగా పంపి, ‘మీరడిగిన ప్రశ్నే అండీ’ అని రాస్తే సరిపోతుంది.